బాయి ఈత వేరు, సముద్రం వేరు: ఏ ఒడ్డున దిగాలె, ఏ ఒడ్డున నడవాలె

మన దిక్కు ఈత అంటే బాయి ఈత. నడుముకు సొరకాయ బుర్రనో బెండునో కట్టుకోని మోటబాయిల దుంకి నేర్చుకుంటం. జర పెద్దగైనంక చెరువుల అవతలి ఒడ్డు దాకా పోయొస్తం. ఆ ధీమాతోనే నలుగురు దోస్తులు కారు మాట్లాడుకోని, రాత్రంతా ప్రయాణం చేసి, బాపట్ల సూర్యలంక కాడ సముద్రంల దుంకుతరు. హైదరాబాద్ కెళ్లి మూడొందల కిలోమీటర్ల పైన వచ్చినం, మునగకుండ ఎట్ల పోతం అనిపిస్తది. ఆ తర్వాత పేపర్ల వచ్చే వార్త మీకు ఎర్కనే. పేర్లు మారుతయి, వార్త మారదు.

బాయిల నీళ్లు కదలవు. అలసిపోతే గోడ దొరుకుతది, మెట్టు దొరుకుతది. సముద్రంల ఈత వచ్చినోడు కూడా మునుగుతడు, ఎందుకంటే అక్కడ మనిషిని ముంచేది లోతు కాదు, నీళ్ల నడక. అందుకే ఇంటికాడ బయలుదేరేటప్పుడే తేల్చుకోవాలె: మనం పోయేది నీళ్లల్ల దిగనీకా, ఒడ్డు మీద నడవనీకా? ఈ రెండిటికీ కావాల్సిన ఒడ్డు ఒకటి కాదు. ఒడ్డు ఒకటే అయినా గడియ ఒకటి కాదు.

ముందుగాల ఇసుకను తొక్కి చూడాలె

ఒడ్డుకు పోంగనే నీళ్ల దిక్కు ఉరకొద్దు. తడి ఇసుక మీద పది అడుగులు నడవాలె. ఇసుక సన్నగ ఉండి, గట్టిగ ఉండి, సైకిల్ తొక్కినా దిగబడకుంటే ఆ ఒడ్డు పలచటి వాలు మీద ఉన్నట్టు. అక్కడ నీళ్లు నిదానంగ లోతవుతయి, కెరటాలు దూరంల విరిగి, మెత్తబడి కాళ్ల కాడికొస్తయి. ఇసుక దొడ్డుగ ఉండి కాలు చీలమండ దాకా దిగబడుతుంటే వాలు నిటారుగ ఉన్నట్టు. అసొంటి ఒడ్డున నాలుగు అడుగులేస్తే నడుము లోతు వస్తది. కెరటం దూరంల విరగదు, ఒడ్డు మీదనే వచ్చి దబేల్మని పడుతది. పడ్డ నీళ్లు అంతే జోరుగ వెనక్కి జారుతయి, కాళ్ల కింది ఇసుకను కూడా గుంజుకపోతయి.

ఒక్క ఘనపు మీటరు నీళ్లు టన్ను బరువు. మోకాలి లోతుల నిలబడ్డ మనిషిని పడేసేది ఈ బరువే. "మోకాళ్ల దాకనే దిగిన" అనే మాటకు నిటారు ఒడ్డు కాడ విలువ లేదు.

విశాఖపట్నం ఆర్కే బీచ్‌ల కొన్ని చోట్ల ఇసుక కోసుకపోయి వాలు ఇట్లనే నిటారుగ ఉంటది. జనం మస్తుంటరు, ఐస్‌క్రీం బండ్లుంటయి, కురుసురా జలాంతర్గామి మ్యూజియం ఉంటది. అంతమంది ఉన్నరు కాబట్టి పైలమే అనుకుంటరు. జనం ఉన్నంత మాత్రాన నీళ్లు మెత్తబడవు. ఆర్కే బీచ్ సాయంత్రం నడవనీకి మంచి జాగ, దిగనీకి కాదు. ఇది నా గట్టి అభిప్రాయం.

గండి కాడ నీళ్లు నెమ్మదిగ కనబడుతయి

అసలు ముచ్చట ఇది. దీన్ని చెరువు లెక్కల చెప్తే తొందరగ అర్థమైతది.

ఒడ్డుకు జర దూరంల, నీళ్ల కింద, ఇసుక తిన్నె ఒకటి కట్ట లెక్క పడుకోని ఉంటది. కెరటాలు ఆ కట్ట మీద విరిగి, నీళ్లను లోపటికి ఎత్తిపోస్తనే ఉంటయి. ఒక కెరటం కాదు, నిమిషానికి ఎన్నో కెరటాలు. లోపటికొచ్చిన నీళ్లు మళ్లీ సముద్రంలకు పోవాలె కదా! కట్టల ఎక్కడ సందు దొరికితే అక్కడికెళ్లి పోతయి. చెరువుకు గండి పడితే నీళ్లన్నీ ఆ ఒక్క జాగల ఎట్ల దూసుకపోతయో, ఇది కూడా అట్లనే. దీన్నే రిప్ కరెంట్ అంటరు. వెడల్పు కొన్ని మీటర్ల నుంచి కొన్ని పదుల మీటర్ల దాకా ఉంటది. మామూలుగ మనిషి నడక కంటే నిదానంగనే పోతది, కానీ పెద్ద కెరటాలు వరుసగ వస్తే సెకనుకు రెండు మీటర్ల దాకా ఎక్కుతది. ఒలింపిక్స్ ఈతగాళ్లు పోటీల ఈదే వేగం ఇంచుమించు అంతనే. ఇగ మనం ఎదురీది గెలుస్తమా?

మోసం ఎక్కడుందంటే, గండి ఉన్న జాగల లోతెక్కువ, కాబట్టి అక్కడ కెరటం విరగదు. ఎడమకు తెల్లటి నురగ, కుడికి తెల్లటి నురగ, నడిమిట్ల ఒక నల్లటి, నున్నటి దారి. కొత్తగ వచ్చినోనికి అదే నెమ్మదైన జాగ లెక్క కొడుతది. "అగో, అక్కడ కెరటాల్లేవు, పిల్లల్ని అక్కడ దింపుదం" అంటరు. సరిగ్గ దింపకూడని జాగ అదే.

దాన్ని పట్టుకునే తీరు చెప్త. నీళ్లల్ల దిగకముందు, జర ఎత్తు మీద నిలబడి, పది నిమిషాలు ఊకె చూడాలె. రోడ్డు గట్టు మీదనో, ఇసుక దిబ్బ మీదనో నిలబడొచ్చు. కెరటాలు ఎక్కడ విరుగుతున్నయి, ఎక్కడ విరుగుతలేవు చూడాలె. నురగ గానీ, కొబ్బరి మట్ట గానీ ఒడ్డు దిక్కు రాకుండ సముద్రం దిక్కు పోతున్నదా చూడాలె. బురద రంగు నీళ్లు నాలుక లెక్క లోపటికి సాగుతున్నయా చూడాలె. ఈ మూడిట్ల ఒక్కటి కనబడ్డా ఆ జాగ వదిలి పక్కకు జరగాలె. ఎండ నీళ్ల మీద మెరిసినప్పుడు, గాలి ఎక్కువున్నప్పుడు ఇది సరిగ్గ కనబడదు. కనబడకపోతే లేదని కాదు. అసొంటప్పుడు అక్కడి మత్స్యకారులను అడగాలె. వలలు బాగు చేసుకునే పెద్దమనిషి దగ్గరికి పోయి "తాతా, ఇయ్యాల ఎక్కడ లాగుతున్నది?" అని అడిగితే చేయి పెట్టి చూపిస్తడు.

గండిల పడితే ఏం చేయాలె? అది మనిషిని కిందికి గుంజదు, దూరం మాత్రమే తీసుకపోతది. కెరటాలు విరిగే గీత దాటినంక దాని జోరు తగ్గుతది. మనుషులు చచ్చేది ఒడ్డు దిక్కు ఎదురీది, ఐదు నిమిషాల్ల బలమంతా అయిపోయి. కాబట్టి ముందుగాల ఎల్లెలుకల పడుకోని తేలాలె. ఉప్పు నీళ్లల్ల బాయి నీళ్ల కంటే జర సులువుగనే తేలుతం. ఒక చేయి పైకెత్తి పిలవాలె. ఊపిరి కుదురుకున్నంక ఒడ్డుకు సమాంతరంగ, పక్కకు ఈదాలె. తెల్లటి నురగ ఉన్న దిక్కు పోవాలె, ఎందుకంటే అక్కడ కట్ట ఉంటది, లోతు తక్కువుంటది, కెరటాలే ఒడ్డుకు నెడుతయి. పక్కకు ఈదుడు కూడా కాకపోతే తేలుకుంట ఉండుడే. ఇదంతా తేలుడు వచ్చినోని ముచ్చట. ఈత రానోనికి ఈ ఉపాయం పనిచేయదు. వాడు చీలమండ లోతు దాటొద్దు, అంతే.

ఒడ్డు మీదున్న దోస్తులకు ఇంకో మాట. ఒకడు కొట్టుకపోతే వాని వెనక ముగ్గురు దుంకుతరు, నలుగురు పోతరు. ఇది ప్రేమతోనే అయితది, కాదనను. కానీ దుంకే బదులు తేలేదేదన్న ఇసరాలె. కార్ల ఉన్న ఇరవై లీటర్ల ఖాళీ నీళ్ల క్యాను, మూత బిగించి ఇసిరితే, ఒక మనిషి తల నీళ్ల మీద ఉండనీకి సరిపోతది. బయలుదేరేటప్పుడే అసొంటి క్యానుకు ఇరవై మీటర్ల తాడు కట్టి డిక్కీల ఏసుకోవాలె. ఒకడు కొట్టుకపోయినోని మీదికెళ్లి చూపు తిప్పకుండ నిలబడాలె, ఇంకొకడు 112కు ఫోన్ కొట్టాలె, మరొకడు పడవ కాడికి ఉరకాలె. బయటకు తీసినంక పొట్ట ఒత్తుడు, తలకిందులు చేసి గిరగిర తిప్పుడు మన ఊర్లల్ల అలవాటు. అది చేయొద్దు. ఊపిరి ఆడకుంటే నోట్ల నోరు పెట్టి ముందుగాల ఊపిరి ఊదాలె, ఆ తర్వాత గుండె మీద ఒత్తాలె. ముప్పై సార్లు ఒత్తుడు, రెండు సార్లు ఊదుడు, అంబులెన్స్ వచ్చేదాకా.

పున్నమి నాటి లెక్క

సముద్రం రోజుకు రెండుసార్లు పోటెక్కుతది, రెండుసార్లు పాటు పడుతది. పోటుకు, పాటుకు నడుమ ఆరు గంటల పైన కొన్ని నిమిషాలు. తెల్లారి అదే పోటు ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యంగ వస్తది. పున్నమికి, అమాసకు నీళ్లు ఎక్కువ ఎక్కి, ఎక్కువ దిగుతయి. అష్టమి చుట్టూ తక్కువ. విశాఖల పున్నమి నాడు పోటుకు, పాటుకు తేడా మీటరున్నరకు దగ్గర పడుతది. బాపట్ల దిక్కు దానికంటే తక్కువే.

మీటరే కదా అనుకోవద్దు. ముప్పై అడుగులకు ఒక్క అడుగు దిగే పలచటి ఒడ్డు మీద, మీటరు పాటు పడితే నీళ్లు ముప్పై మీటర్లు వెనక్కి పోతయి. పొద్దుగాల మీరు చెప్పులు ఇడిచిన జాగ, నీళ్లు ఉన్న జాగ, మధ్యాహ్నానికి రెండూ మారిపోతయి. పాటు పడ్డప్పుడు ఇంకో సంగతి కూడా అయితది. ఇసుక కట్ట మీద నీళ్లు పలచబడి, వెనక్కి పోయే నీళ్లన్నీ గండిలకెళ్లే పోవాల్సి వస్తది. అందుకే కట్ట, గండి ఉన్న ఒడ్లల్ల పాటు గడియలే ఎక్కువ గుంజుతయి.

ఇప్పుడు సూర్యలంకల కార్తీక పున్నమి తీసుకుందం. సముద్ర స్నానానికి వేలమంది పోయే రోజు అది. రెండు కారణాల వల్ల కష్టమైన రోజు కూడా అదే. పున్నమి కాబట్టి ఆటుపోటు పెద్దది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన తీరానికి తుపాన్ల కాలం. 2025ల మొంథా తుపాను అక్టోబర్ 28 రాత్రి నర్సాపురం దిక్కు తీరం దాటింది, నవంబర్ 5న కార్తీక పున్నమి వచ్చింది. 2023ల మిచౌంగ్ అయితే డిసెంబర్ 5న బాపట్ల దగ్గర్నే తీరం దాటింది. తుపాను పోయినంక ఆకాశం నీలంగ అయితది కానీ కింద ఇసుక కట్టలు ఎటో జరిగిపోయి ఉంటయి, కొత్త గండ్లు పడి ఉంటయి. "పోయినేడు ఇక్కడనే దిగినం, నడుము లోతే ఉండె" అనే మాట తుపాను తర్వాత పనికిరాదు.

పోటు పట్టికల ఆ రోజు పొద్దున ఎనిమిదిన్నరకు పోటు అని ఉన్నదనుకుందం. మీరు పోయే రోజు పట్టిక మీరే చూసుకోవాలె, ఇది లెక్క చూపెట్టనీకి మాత్రమే. అట్లయితే మధ్యాహ్నం రెండు నలభైకి పాటు, రాత్రి తొమ్మిదికి జర ముందు మళ్లీ పోటు. నీళ్లు ఒకే తీరుగ దిగవు. మొదట నిదానం, నడిమి రెండు గంటల్ల, అంటే పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా, సగం నీళ్లు దిగిపోతయి. ఆఖరుకు మళ్లీ నిదానం.

ఇగ మన పోరగాళ్ల టైంటేబుల్ చూడుండ్రి. రాత్రి బయలుదేరి, దారిల చాయ్, టిఫిన్ చేసి, రూం దొరక్క తిరిగి, పదకొండుకు ఒడ్డుకొస్తరు. మూడింటి దాకా నీళ్లల్లనే ఉంటరు. అంటే నీళ్లు జోరుగ వెనక్కి తీసే గడియల్ల మొదలుపెట్టి, గండ్లు ఎక్కువ గుంజే గడియల్ల అలసిపోయి ఉంటరు. అట్ల కాకుండ, దిగేదుంటే ఆరు నుంచి ఎనిమిది దాకా, పోటు ఎక్కుతున్నప్పుడు, నలుగురున్న జాగల, పోలీసులు కట్టిన తాడు లోపట, నడుము దాటకుండ దిగాలె. నడిచేదుంటే మూడు నుంచి ఐదు దాకా. అప్పటికి పాటుకు బయటపడ్డ ఇసుక వెడల్పుగ, గట్టిగ ఉంటది, ఎండ మెత్తబడుతది. ఒడ్డు ఒకటే, రోజు ఒకటే. పొద్దుగాల ఈత, పొద్దూకి నడక. తారుమారు చేస్తేనే ఆగమైతరు.

అయితే ఈ లెక్క పలచటి ఒడ్డుకు మాత్రమే. నిటారు ఒడ్డున పోటు గడియల్ల కెరటం నేరుగ ఒడ్డు మీద పడుతది. అక్కడ పోటుకు దిగుడు ఇంకా చెడ్డది.

హైదరాబాద్‌ల కూసోని సముద్రం చూసేటోళ్లు

సముద్రం సంగతి చెప్పే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ ఉన్నది ఎక్కడనో కాదు, మన హైదరాబాద్ ప్రగతినగర్ దిక్కు. incois.gov.in ల అలల ఎత్తు, వ్యవధి, గాలి, హెచ్చరికలు అన్నీ పెడుతరు. వాన కోసం ఫోన్ చూసేటోళ్లం, సముద్రానికి పోయేటప్పుడు ఇది కూడా చూడాలె.

దాంట్ల రెండు అంకెలు చాలు. ఒకటి అలల ఎత్తు. ఒక మీటరు అని రాసి ఉంటే ప్రతి అల మీటరే అని కాదు. పెద్ద అలలల్ల మూడో వంతు తీసి కట్టిన సగటు అది. నడుమ నడుమ దానికి రెండింతల అల కూడా ఒకటి రావొచ్చు. పది అలలు మంచిగ వచ్చి పదకొండోది పడేసుడు అందుకే. రెండోది వ్యవధి, అంటే ఒక అల తర్వాత ఇంకో అల వచ్చేదాకా పట్టే సెకన్లు. ఆరు సెకన్లుంటే అది దగ్గర గాలి లేపిన చిన్న అల. పన్నెండు, పద్నాలుగు సెకన్లుంటే అది ఎక్కడనో దక్షిణ హిందూ మహాసముద్రంల లేచి వేల కిలోమీటర్లు నడిచొచ్చిన అల. ఎత్తు అంతే ఉన్నా దాంట్ల బలం ఎక్కువ. ఒడ్డున ఎండ కొడుతుంటది, గాలి ఉండదు, అల మాత్రం మనిషిని ఎత్తి ఇసిరేస్తది. ఎత్తు మీటరు దాటినా, వ్యవధి పది సెకన్లు దాటినా నేనైతే ఆ రోజు నడక రోజు అనుకుంట.

మన తీరంల ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం జర నెమ్మది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలుల అలలు, ఆ తర్వాత తుపాన్లు. మన కాలేజీల సెలవులు, పండుగలు చాలావరకు చెడ్డ కాలంలనే పడుతయి.

ఎక్కడ దేనికి

విశాఖ దిక్కు దిగాలనుకుంటే రుషికొండ. 2020ల దానికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, గజఈతగాళ్లు, ఈతకు గుర్తు పెట్టిన జాగ ఉండాలనేది ఆ గుర్తింపు షరతుల్ల ఒకటి. ఎర్ర పసుపు జెండాల నడుమనే దిగాలె, ఒక్క ఎర్రజెండా ఉంటే దిగొద్దు. జెండా ఉన్నంత మాత్రాన అల తగ్గదు, చూసేటోడు ఉంటడు, అంతే. యారాడ కొండల నడుమ ఎంత అందమో అంత ప్రమాదం. చివర్ల రాళ్లున్నయి. నడక మంచిది, ఈత వద్దు.

మచిలీపట్నం మంగినపూడి పలచటి ఒడ్డు, నల్లరేగడి లెక్కటి నేల, నీళ్లు మట్టి రంగు. ఫోటోలకు బాగుండదని పోరగాళ్లు పోరు గానీ, పిల్లలతోని పోయేటోళ్లకు సూర్యలంక కంటే నేను దాన్నే చెప్త. కృష్ణమ్మ కలిసే హంసలదీవి ఉత్త నడకకే. ఏ నది మొగ కాడ కూడా దిగొద్దు. పాటు పడేటప్పుడు నది నీళ్లు, సముద్రం నీళ్లు కలిసి బయటికి దూసుకపోతయి, అడుగు గడియకో తీరు మారుతది.

ప్రమాదం జరిగిన ప్రతిసారి నాలుగు దినాలు బీచ్ బంద్ పెడుతరు, "లోతుకు వెళ్లరాదు" అని బోర్డు కొడుతరు. లోతు ఎక్కడున్నదో బోర్డు చెప్పదు. అక్కడి మత్స్యకార పిల్లలకు నెల జీతమిచ్చి, పొద్దుగాల సముద్రం చూసి జెండా పాతే పని అప్పజెప్పితే, బోర్డుల ఖర్చులనే సగం పని అయితది. వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వాళ్లు ఖాళీగ ఉంటరు, ఎండాకాలం సెలవులకు జనం వచ్చేది కూడా అప్పుడే.

నడక ఒడ్డుకు కూడా రెండు కట్టుబాట్లున్నయి. రాళ్ల మూల చుట్టి అవతలికి పోయేదుంటే పాటుకు గంట ముందు బయలుదేరి, నీళ్లు మళ్లీ ఎక్కకముందే తిరిగి రావాలె. లేకపోతే దారి మూసుకపోతది, వెనక కొండ, ముందు నీళ్లు. నల్లగ తడిసి, పాచి పట్టిన రాయి మీదికి అల వస్తదన్నట్టే, సెల్ఫీకి కూడా ఎక్కొద్దు. ఇగ జనవరి నుంచి మార్చి దాకా సూర్యలంక దిక్కు రాత్రిపూట నడిచేటోళ్లు టార్చిలైటు, సెల్‌ఫోన్ లైటు ఇసుక మీద కొట్టొద్దు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టనీకి అప్పుడే ఒడ్డెక్కుతయి, వెలుతురు చూస్తే పెట్టకుండనే వెనక్కి మళ్లుతయి. చీకట్ల ఇసుక మీద ట్రాక్టర్ పోయినట్టు జాడ కనబడితే, దాన్ని తొక్కకుండ పక్కకెళ్లి పోవాలె.